సబ్‌టైటిల్ కింద ఏముంది?

సినిమా స్టిల్ మీది సబ్‌టైటిల్ తీసేటప్పుడు చాలామంది తెల్ల అక్షరాలను మాత్రమే ఎంచుకుంటారు. అక్కడే పని చెడుతుంది. అక్షరం చుట్టూ సన్నని నల్ల అంచు ఉంటుంది, జేపెగ్ కుదింపు వల్ల దాని పక్కన మరకలూ పడతాయి. అవి మిగిలిపోతే, ఖాళీని నింపే సాఫ్ట్‌వేర్ ఆ నలుపునే లోపలికి లాగుతుంది. మాటలు పోయినా వాటి జాడ మసకగా చదవొచ్చు! అందుకే జింప్‌లో ఎంపికను 3, 4 పిక్సెళ్లు పెంచి, హీల్ టూల్‌తో పక్క భాగాన్ని అద్దాలి. గోడ, ఆకాశం ఇట్టే కలిసిపోతాయి. చీర అంచు, చేతివేళ్లు అంత తేలిగ్గా లొంగవు. అక్కడ వచ్చేది ఊహే, అసలు బొమ్మ కాదు.

వీడియో దొరికితే ఊహతో పనిలేదు. డైలాగ్ మొదలవకముందు ఫ్రేములో ఆ చోటు శుభ్రంగా ఉంటుంది. కెమెరా, మనుషులు కదలకపోతే ఆ ముక్కను కత్తిరించి అతికిస్తే చాలు.