షాపులో ఉన్న పుస్తకం ఎవరిది?

తెనాలిలో ఉండే ఒక రిటైర్డు మాస్టారు సొంత డబ్బుతో కథల పుస్తకం అచ్చు వేయించుకున్నారనుకుందాం. 500 కాపీలకు 40,000 రూపాయలు ఖర్చయింది, అంటే కాపీకి 80. అట్ట మీద వెల 200 రూపాయలు. అక్టోబరులో నలభైల చొప్పున అయిదు కట్టలు కట్టి, 200 కాపీలను హైదరాబాద్‌లోని ఒక డిస్ట్రిబ్యూటర్‌కి పార్సిల్ లారీలో పంపారు. కమీషన్ నలభై శాతం. కట్టలు లారీ ఎక్కిన రోజు రాత్రి మాస్టారు నోటుబుక్కు తీసి రాసుకున్నారు: ‘హైదరాబాద్‌కి 200 కాపీలు అమ్మకం. రావలసింది 24,000.’

లెక్క సరిగానే వేశారు. వెలలో అరవై శాతం 120, దాన్ని 200తో హెచ్చిస్తే 24,000. తప్పల్లా ‘అమ్మకం’ అన్న మాటలో ఉంది.

తెలుగు పుస్తకాల వ్యాపారంలో చాలా భాగం ఇలాగే నడుస్తుంది. షాపువాళ్లు పుస్తకం కొనరు, తమ దగ్గర పెట్టుకుంటారు. అమ్ముడైతే కమీషన్ పట్టుకుని మిగతాది ఇస్తారు, కాకపోతే కట్ట కట్టి తిరిగి పంపుతారు. ఇంటర్ కామర్స్ చదివినవాళ్లకు ‘కన్‌సైన్‌మెంట్ ఖాతాలు’ అన్న పాఠం గుర్తుండే ఉంటుంది. సరుకు పంపినవాడు కన్‌సైనార్, పెట్టుకున్నవాడు కన్‌సైనీ. చోటు మారినా సరుకు యజమాని మారడు. హైదరాబాద్ షాపు అలమరలో ఉన్న 200 పుస్తకాలూ అక్టోబరులో ఎవరివి? తెనాలి మాస్టారివే. ఎవరూ కొనలేదు కాబట్టి అమ్మకం లేదు, రావలసిన బాకీ కూడా లేదు. ఆ రోజు నోటుబుక్కులో రాయవలసింది ఒకటే: ఇంట్లో ఉన్న సరుకులో 200 కాపీలు, అంటే 16,000 రూపాయల సరుకు, ‘హైదరాబాద్ కన్‌సైన్‌మెంట్’ అన్న పేజీకి మారింది. పార్సిల్‌కి కట్టిన 800 రూపాయలు కూడా అదే పేజీలో పడాలి.

పెద్ద కంపెనీలు పాటించే ఇండ్ ఏఎస్ 115 అనే లెక్కల ప్రమాణం కూడా ఈ మాటే చెబుతుంది. 2018 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ ప్రమాణం కన్‌సైన్‌మెంట్‌ని గుర్తుపట్టడానికి కొన్ని ఆనవాళ్లు ఇచ్చింది. ఎవరికైనా అమ్మేదాకా సరుకు పంపినవారి అధీనంలోనే ఉండటం, వాళ్లు దాన్ని వెనక్కి రప్పించుకోగలగడం, షాపువాడికి డబ్బు కట్టి తీరాలన్న షరతు లేకపోవడం. ఇవి కనిపిస్తే సరుకు పంపినంత మాత్రాన రాబడి రాసుకోకూడదు.

పుస్తకాలతో పాటు పంపే చలానా మీద ఏ మాట రాశారన్నది కూడా చూసుకోవాలి. ‘కమీషన్ మీద అమ్మకం నిమిత్తం’ అని రాస్తే షాపు ఏజెంటు అవుతుంది. అడిగినప్పుడు లెక్క చెప్పడం ఏజెంటు బాధ్యత అని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 213వ సెక్షన్ అంటోంది. ‘అమ్మకం లేదా వాపసు’ అని రాస్తే కథ వేరు. అప్పుడు 1930 నాటి సరుకుల అమ్మకం చట్టం 24వ సెక్షన్ వర్తిస్తుంది. దాని ప్రకారం, వాపసుకు గడువు పెట్టుకుని ఉండి, వద్దని కబురు చేయకుండా ఆ గడువు దాటిపోతే సరుకు షాపుదైపోతుంది, అంటే అమ్మకం జరిగినట్టే. ఒక్క మాట తేడాతో లెక్క తారుమారవుతుంది. అయినా చాలా చలానాల మీద కాపీల సంఖ్య, సంతకం తప్ప ఏమీ ఉండవు.

ఆరు నెలలు గడిచాయి. ఈ మధ్యలో మాస్టారు ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే జవాబు. ‘ఎన్ని పోయాయండీ?’ ‘పర్లేదు మాస్టారూ, కదులుతున్నాయి.’ కదలడాన్ని నోటుబుక్కులో రాయలేం. మార్చి 31తో ముగిసే స్టేట్‌మెంట్ కావాలని ఆయన గట్టిగా అడిగాక కాగితం వచ్చింది. వచ్చినవి 200. అమ్మినవి 130. వానకు తడిసి పాడైనవి 3. మిగిలినవి 67. అమ్మకం విలువ 26,000. అందులోంచి కమీషన్ 10,400, లారీ ఆఫీసు నుంచి షాపుదాకా ఆటోకి 200 మినహాయింపు. పంపవలసింది 15,400. చెక్కు మాత్రం మేలో వచ్చింది.

ఈ కాగితాన్నే పాఠ్యపుస్తకాల్లో ‘అకౌంట్ సేల్స్’ అంటారు. ఇది చేతికి రాగానే ఎక్కువమంది చేసే పని, ‘అమ్మకాలు 15,400’ అని రాసేసుకోవడం. అది సరికాదు. మాస్టారి అమ్మకం 26,000. కమీషనూ ఆటో డబ్బులూ ఆయన పెట్టిన ఖర్చు. రెంటినీ కలిపి ఒకే అంకె చేస్తే షాపు నలభై శాతమే పట్టిందా, నలభై అయిదు పట్టిందా అన్నది కనిపించకుండా పోతుంది. చెక్కు మేలో వచ్చినా అమ్మకం జరిగింది మార్చిలోపు. వ్యాపార లెక్క రాసేవారెవరైనా దాన్ని ఆ సంవత్సరంలోనే చూపించి, 15,400ను డిస్ట్రిబ్యూటర్ బాకీగా రాసుకోవాలి.

డిస్ట్రిబ్యూటర్ పుస్తకాల్లో ఇదే వ్యవహారం చాలా చిన్నది. 26,000 ఆయన అమ్మకం కాదు, 67 కాపీలు ఆయన సరుకూ కాదు. ఆయన ఆదాయం 10,400 కమీషన్ ఒక్కటే. మాస్టారికి ఇవ్వవలసిన 15,400 ఆయన నెత్తిన ఉన్న బాకీ. షాపు కంప్యూటరులో కొన్న పుస్తకాలనూ కన్‌సైన్‌మెంట్ పుస్తకాలనూ ఒకే జాబితాలో ఎక్కిస్తే, సొంతం కాని సరుకు కూడా షాపు ఆస్తిలా కనబడుతుంది.

ఇక ఈ వ్యవహారంలో మాస్టారికి ఎంత మిగిలింది? ఇక్కడే మిగిలిపోయిన పుస్తకాలకు విలువ కట్టాల్సి వస్తుంది. కాపీకి అచ్చు ఖర్చు 80. పార్సిల్‌కి 800, ఆటోకి 200 కలిపి 1,000 రూపాయలను 200 కాపీలకు పంచితే తలా అయిదు. ఆటో డబ్బు షాపువాళ్లు కట్టినా సరే, పుస్తకాన్ని అమ్మే చోటికి చేర్చిన ఖర్చు కాబట్టి అదీ పుస్తకం మీదే పడుతుంది. ఆ లెక్కన కాపీ 85. కమీషన్ని మాత్రం ఇలా పంచకూడదు, అది అమ్ముడైన వాటికి సంబంధించింది. 67 కాపీల విలువ 5,695. ఇది మాస్టారి సరుకుగానే మిగులుతుంది. అమ్మిన 130 కాపీల ఖర్చు 11,050. అమ్మకం 26,000లో కమీషనూ ఈ ఖర్చూ తీసేస్తే లాభం 4,550. తడిసిన మూడింటి విలువ 255ను విడిగా నష్టం కింద రాయాలి. దాన్ని అమ్మిన పుస్తకాల ఖర్చులో కలిపేస్తే, వానవల్ల పోయిందెంతో వ్యాపారంలో మిగిలిందెంతో తేలదు. అక్టోబరులో రాసుకున్న 24,000 ఎక్కడ, ఈ 4,550 ఎక్కడ!

మూడు కాపీలు తడిస్తే నష్టం చిన్నది. గోడౌనంతా మునిగితే? 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడలో ఎన్ని వీధులను ముంచిందో చూశాం. షాపుకి అగ్ని, వరద బీమా ఉండవచ్చు. కానీ మన దేశంలో మామూలు అగ్ని బీమా పాలసీలు, ఇతరుల తరఫున గానీ కమీషన్ మీద గానీ ఉంచుకున్న సరుకును ప్రత్యేకంగా పేర్కొంటే తప్ప కలుపుకోవు. సరుకు మాస్టారిది కాబట్టి నష్టమూ మాస్టారిదే. ఆ వాక్యం పాలసీలో ఉందో లేదో కట్టలు పంపకముందే అడగాలి.

పన్ను విషయంలో పుస్తకాలది అదృష్టమే. అచ్చు పుస్తకాల మీద జీఎస్టీ లేదు. చీరలో బొమ్మలో ఇలా పంపేవాళ్లకు చిక్కుంది. షాపు తన సొంత పేరు మీద బిల్లు ఇచ్చి అమ్మే ఏజెంటైతే, సరుకు పంపిన రోజే పన్ను పడే సరఫరా జరిగినట్టు జీఎస్టీ చట్టం లెక్కిస్తుంది. లెక్కల్లో అమ్మకం లేకపోయినా పన్నుకు మాత్రం అమ్మకం ఉన్నట్టే. బిల్లు ఎవరి పేరు మీద ఇస్తున్నారన్నదే ఇక్కడ గీటురాయని 2018 సెప్టెంబరులో వచ్చిన సర్క్యులర్ స్పష్టం చేసింది.

అసలు గొడవలు ఎక్కువగా వచ్చేది డిస్కౌంటు దగ్గర. డిసెంబరులో హైదరాబాద్‌లో, జనవరిలో విజయవాడలో పుస్తక ప్రదర్శనలు జరుగుతాయి. అక్కడ పది శాతం తగ్గించి అమ్మడం మామూలే. 200 రూపాయల పుస్తకం 180కి పోతుంది. ఆ ఇరవై ఎవరిది? షాపు తన కమీషన్లోంచి వదులుకుంటే మాస్టారికి 120 వస్తుంది. వచ్చిన 180 మీద నలభై శాతం పట్టుకుంటే 108 వస్తుంది. అట్ట వెల మీద 80 కమీషన్ తీసుకుని డిస్కౌంటు కూడా మాస్టారి మీద వేస్తే వంద. మూడు పద్ధతుల్లో దేన్ని పాటించినా తప్పు లేదు, ముందే ఒప్పుకుని ఉంటే. మాస్టారి ఒప్పందంలో డిస్కౌంటు షాపుదని రాసి ఉంది. షాపు అరువుకు ఇచ్చిన గ్రంథాలయమో కాలేజీయో డబ్బు ఎగ్గొడితే ఎవరు భరించాలన్నదీ అలాగే తేల్చుకోవాలి. ఏజెంటు ఆ పూచీ తీసుకుంటే అదనంగా ఇచ్చేదే డెల్‌క్రెడరీ కమీషన్. ఆ మాట లేకపోతే నష్టం సరుకు యజమానిది.

రెండో విడతలో మాస్టారు ఇంకో 50 కాపీలు పంపారు. ఈసారీ పార్సిల్ ఖర్చు కాపీకి అయిదే పడింది. ఆరు నెలలకు స్టేట్‌మెంట్ వచ్చింది: అమ్మినవి 40, మిగిలినవి 70. అమ్మిన వాటి డబ్బు పైసాతో సహా సరిపోయింది. అక్కడితో ఆగిపోయి ఉంటే అంతా బాగుందనే అనిపించేది. కానీ మాస్టారు పాత కాగితం తీసి పక్కన పెట్టారు. కిందటిసారి మిగిలినవి 67, కొత్తవి 50, మొత్తం 117. అందులోంచి నలభై తీస్తే 77 ఉండాలి. ఏడు తగ్గాయి. డబ్బు లెక్కలో ఎప్పటికీ బయటపడని తేడా కాపీల లెక్కలో బయటపడింది. కొత్త స్టేట్‌మెంట్ పాత మిగులుతో మొదలుకాకుండా నేరుగా ‘అమ్మినవి’ అని మొదలైందంటే అనుమానించాల్సిందే.

ఫోన్ చేసి నెమ్మదిగా అడిగారు. షాపువాళ్లు చేతిబిల్లు పుస్తకాలు తిరగేశారు. అయిదు కాపీలు ప్రదర్శన స్టాల్లో అమ్మారు, ఆ బిల్లులు కంప్యూటరులోకి ఎక్కలేదు. రెండు పత్రికలకు సమీక్ష కోసం ఇచ్చారు, అదీ ఎవరూ రాయలేదు. అయిదింటికి 120 చొప్పున 600 రూపాయలు మాస్టారి ఖాతాలో పడ్డాయి. ఆయన ఆ అయిదింటినీ అమ్మకంలో కలిపారు. సమీక్షకు పోయిన రెండింటి విలువ 170 రూపాయలను ప్రచారం ఖర్చు కింద రాశారు. ఆ తర్వాత పేజీ తిప్పి, కొత్త గీత కొట్టి, పైన ‘షాపులో ఉన్నవి 70’ అని వేసుకున్నారు.