మోకాలి పక్కన నరం నలిగితే పాదం ఎందుకు వాలిపోతుంది?

మోకాలికి బయటి వైపు, కాస్త కిందుగా వేలితో తడిమితే గుండ్రటి ఎముక బుడిపె తగులుతుంది. అది ఫిబ్యులా తల. పిక్కకు బయటి పక్కగా చీలమండ దాకా దిగే సన్నటి ఎముక ఇదే. తలకు కొంచెం కింద ఎముక సన్నబడే చోటును మెడ అంటారు. ఆ మెడను వెనక నుంచి ముందుకు చుట్టుకుంటూ కామన్ పెరోనియల్ నరం వెళ్తుంది. మోచెయ్యి గోడకు తగిలితే చిటికెన వేలి దాకా జివ్వుమంటుంది కదా, అక్కడి నరం లాగే ఇదీ చర్మానికీ ఎముకకూ మధ్య దాదాపు ఏ రక్షణా లేకుండా ఉంటుంది.

పిరుదు నుంచి తొడ వెనగ్గా దిగే సయాటిక్ నరం మోకాలికి కాస్త పైన రెండుగా చీలుతుంది. టిబియల్ అనే పాయ పిక్క కండల లోతుల్లోకి దిగి భద్రంగా ఉంటుంది. రెండోదైన పెరోనియల్ మాత్రం బయటి పక్కకు వచ్చి, ఫిబ్యులా మెడను చుట్టి, పెరోనియస్ లాంగస్ కండ కింద ఉన్న ఇరుకు సందులో దూరుతుంది. ఆ సందు దగ్గర అది పట్టేసినట్టు ఉండటంతో, ఒత్తిడి పడినా లాగుడు పడినా పక్కకు జరిగి తప్పించుకోలేదు. సందు దాటుతూనే రెండుగా విడిపోతుంది. లోపలి శాఖ పాదాన్నీ వేళ్లనూ పైకెత్తే కండలకు వెళ్తుంది. పైశాఖ పాదాన్ని బయటికి తిప్పే కండలకు వెళ్తుంది.

పాదాన్ని పైకెత్తే కండలన్నిటికీ ఆదేశం చేరేది ఈ ఒక్క నరం నుంచే. అది ఆగితే ఆ పని చేసిపెట్టే నరం ఇంకోటి లేదు. మరోవైపు పాదాన్ని కిందికి లాగే పిక్క కండలు టిబియల్ నరం చేతిలో నిక్షేపంగా ఉంటాయి. అందుకే పాదం వాలిపోతుంది. దీన్నే ఫుట్ డ్రాప్ అంటారు.

వేరుశనగ చేలో కలుపు తీసే ఒక కూలీని తీసుకుందాం. పొద్దున్నుంచి గంటల తరబడి గొంతుక్కూర్చునే పని. అలా కూర్చున్నప్పుడు మోకాలు పూర్తిగా ముడుచుకుని, చుట్టూ ఉన్న కండలకూ ఎముకకూ మధ్య నరం నలుగుతుంది. సాయంత్రం లేచేసరికి కాలు తిమ్మిరి. మర్నాటికి తిమ్మిరి కొంత తగ్గినా నడుస్తుంటే చెప్పు జారిపోతోంది, వేళ్లు నేలకు తట్టుకుంటున్నాయి. తట్టుకోకుండా మోకాలు ఎత్తెత్తి వేస్తోంది, పాదం టప్పుమని నేలను కొడుతోంది. నొప్పి పెద్దగా లేదు కనుక నీరసం అనుకుని ఊరుకునే ప్రమాదం ఇక్కడే ఉంది.

కాలు మీద కాలు వేసుకుని చాలాసేపు కూర్చునేవారికీ, వేగంగా బరువు తగ్గి మోకాలి పక్క కొవ్వు కరిగినవారికీ, బిగుతుగా పిండికట్టు వేసినవారికీ, మంచం పట్టి కాలు బయటికి వాల్చి పడుకునేవారికీ ఇలాగే జరగవచ్చు. మోకాలి కీలు తప్పినా, ఫిబ్యులా మెడ విరిగినా నరం సాగిపోవచ్చు, తెగిపోవచ్చు కూడా.

పాదం వాలిన ప్రతిసారీ తప్పు మోకాలి దగ్గరే ఉండదు. నడుములో డిస్క్ జారి ఎల్5 నరపు వేరు నలిగినా ఇలాగే వాలుతుంది. తేడా పట్టే పరీక్ష చిన్నదే. పాదాన్ని లోపలికి తిప్పమంటారు. ఆ కండ టిబియల్ నరానిది, దానికి సంకేతం వచ్చేది ముఖ్యంగా ఎల్5 నుంచి. అందుకే తప్పు మోకాలి పక్కన ఉంటే ఆ బలం చెదరదు, నడుములో ఉంటే తగ్గుతుంది. మన కూలీ మడమల మీద నడవలేదు, పాదాన్ని బయటికి తిప్పలేదు, బొటనవేలికీ పక్క వేలికీ మధ్య చర్మంలో స్పర్శ మందగించింది. లోపలికి మాత్రం గట్టిగా తిప్పగలిగింది. కనుక చూపు నడుము నుంచి మోకాలికి మళ్లుతుంది. అప్పుడు డాక్టరు రెండు కాళ్ల ఫిబ్యులా మెడలనూ తడిమి చూస్తారు. నరం తాడులా లావెక్కి తగిలితే కుష్ఠు అనుమానించి, ఒంటి మీద స్పర్శ లేని మచ్చల కోసం వెతుకుతారు. దానికి మందులున్నాయి, ఆలస్యమే నష్టం.

కూలీ కేసులో ఏం జరిగిందో నరాల కండక్షన్ పరీక్ష చెబుతుంది. నరపు పైపొర మాత్రమే నలిగి ఉంటే సంకేతం మెడ దగ్గర ఆగుతుంది, దాని దిగువన బాగానే నడుస్తుంది. అలాంటిది గొంతుక్కూర్చోవడం మానేస్తే కొన్ని వారాల నుంచి రెండు మూడు నెలల్లో సాధారణంగా కోలుకుంటుంది. లోపలి పోగులే తెగితే అవి రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతూ కండను చేరాలి, నెలలు పడుతుంది. ఈలోగా పాదం వాలకుండా చీలమండ పట్టీ తొడిగి, పిక్క బిగుసుకుపోకుండా ఫిజియోథెరపీ చేయిస్తారు. మూడు నాలుగు నెలలైనా కదలిక జాడ లేకపోతే సర్జన్ నరాన్ని తెరిచి చూసే ఆలోచన చేస్తారు, ఎందుకంటే ఏడాది, ఏడాదిన్నర దాటాక సంకేతం అందని కండ నరం చేరినా లేవదు. ఆ గడువు దాటినవారికి ఇంకో దారి ఉంది. పాదాన్ని లోపలికి తిప్పే కండకు ఏమీ కాలేదు కనుక, దాని స్నాయువును విడదీసి పాదం పైభాగానికి కుట్టి, ఎత్తే పనికి పెడతారు.