ప్రస్తుత జీతం చెప్పకుండా బదులివ్వడం ఎలా?

కొత్త ఉద్యోగానికి ప్రయత్నించేవారిని నియామక ప్రతినిధులు తొలి ఫోన్‌కాల్‌లోనే అడిగే ప్రశ్న ‘మీ ప్రస్తుత సీటీసీ ఎంత?’ అన్నది. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో 2018 జనవరి 1 నుంచి ఈ ప్రశ్న అడగడం చట్టవిరుద్ధం. మన దేశంలో ప్రైవేటు సంస్థలకు అలాంటి నిషేధం లేదు. అలాగని జవాబు చెప్పి తీరాలనే చట్టమూ లేదు.

హైదరాబాద్‌లో ఏటా 6 లక్షల రూపాయలు పొందుతున్న ఒక అకౌంటెంటును ఉదాహరణగా తీసుకుందాం. ఆయన ప్రయత్నిస్తున్న పోస్టుకు సంస్థ 10 లక్షల వరకు ఇవ్వగలదు. పాత జీతం చెబితే దానిపై 30 శాతం పెంచి, 7 లక్షల 80 వేల వద్ద బేరం ముగించే అవకాశం ఉంది. ఆ పనికి సంస్థ కేటాయించిన మొత్తం అప్పుడు చర్చకే రాదు.

అలాంటి అభ్యర్థి ఈ విధంగా బదులివ్వవచ్చు:

‘నమస్కారం. ఈ ఉద్యోగంపై నాకు ఆసక్తి ఉంది. ప్రస్తుత జీతం వివరాలు ఈ దశలో వెల్లడించలేను, అన్యథా భావించవద్దు. బాధ్యతలను బట్టి ఏటా 9 నుంచి 10 లక్షలు ఆశిస్తున్నాను. ఈ పోస్టుకు మీరు అనుకున్న వేతన పరిధి తెలియజేయగలరు. నా నోటీసు గడువు 60 రోజులు. బుధవారం సాయంత్రం 5 గంటల తర్వాత మాట్లాడగలను.’

ఇందులో నిరాకరణ ఒక్క వాక్యమే. మిగిలినదంతా ప్రతినిధికి పనికివచ్చే సమాచారం. ఆయనకు నిజంగా కావలసింది అభ్యర్థి తమ బడ్జెట్‌లో ఇముడుతారా, ఎప్పటికి చేరగలరు అన్నదే. అందుకే ఆశిస్తున్న మొత్తాన్ని కూడా దాచిపెడితే సహకరించడం లేదన్న అభిప్రాయం కలుగుతుంది. కారణాలు వివరించబోతే మాత్రం సందేశం సంజాయిషీలా మారుతుంది.

చిక్కు వచ్చేది ఆన్‌లైన్ దరఖాస్తుల్లో. జీతం గడిని ఖాళీగా వదిలితే కొన్ని ఫారాలు ముందుకు కదలవు. అక్కడ ఆశిస్తున్న జీతాన్ని ప్రస్తుత జీతంగా నింపడం తప్పుడు సమాచారమే అవుతుంది. సున్నా వేస్తే దరఖాస్తు వడపోతలో పక్కకు పోవచ్చు. ప్రతినిధికే నేరుగా రాసి, ఏం చేయాలో అడగడం మేలు.

చెప్పకపోవడం వేరు, అబద్ధం చెప్పడం వేరు. ఆఫర్ సమయంలో అనేక సంస్థలు గత మూడు నెలల జీతపు రసీదులు కోరతాయి. భవిష్య నిధి పాస్‌బుక్‌లోని జమలను బట్టి కూడా మూలవేతనం కొంతవరకు అంచనా వేయవచ్చు. అంకె తప్పని తేలితే ఆఫర్ రద్దయ్యే ప్రమాదం ఉంది. కనుక ఈ సందేశం ఆ వివరాలను శాశ్వతంగా దాచలేదు. వేతనంపై అవగాహన కుదిరేవరకు వాయిదా వేయగలదు, అంతే.

ప్రతినిధి మళ్లీ పట్టుబడితే, ‘వేతనం ఖరారయ్యాక అవసరమైన పత్రాలు సమర్పిస్తాను’ అని ఒక్క మాట చేర్చవచ్చు. అప్పటికీ అంకె చెబితేనే ఇంటర్వ్యూ అనే సంస్థలు లేకపోలేదు. అక్కడ చెప్పాలా, ఆ అవకాశాన్ని వదులుకోవాలా అన్నది చేతిలో ఉన్న ఉద్యోగం ఎంత స్థిరమైనదో చూసుకుని అభ్యర్థే తేల్చుకోవాలి.