రాత్రికి రాత్రే వచ్చిన చదువు

పరీక్ష ముందు రాత్రి చదివితే ఏమీ గుర్తుండదని ఇంట్లో పెద్దవాళ్లు అంటుంటారు. అది నిజం కాదు. గుర్తుంటుంది. మర్నాడు పొద్దున పది గంటలకు హాల్లో కూర్చున్నప్పుడు బాగానే గుర్తుంటుంది, మార్కులూ వస్తాయి. మన ఇంజనీరింగ్ పిల్లల్లో ఎంతోమంది సెమిస్టర్లు గట్టెక్కేది ఈ నైట్‌అవుట్ల మీదే. ఫలితం లేకపోతే ఆ అలవాటు ఎప్పుడో పోయేది. చిక్కల్లా ఆ తర్వాత మొదలవుతుంది. అప్పుడు ఎవరూ పరీక్ష పెట్టరు కాబట్టి ఎవరికీ కనబడదు.

కనబడాలంటే రెండోసారి కూడా పరీక్ష పెట్టి చూడాలి. అమెరికాలోని సౌత్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో డగ్ రోరర్, కెల్లీ టేలర్ అనే ఇద్దరు ఆ పనే చేసి, 2006లో ఫలితాలు ప్రచురించారు. వాళ్లు ఎంచుకున్న లెక్క మన ఇంటర్ పిల్లలకు కొత్తదేం కాదు. abbccc అనే ఆరు అక్షరాలను ఎన్ని రకాలుగా అమర్చవచ్చు? ఒకే అక్షరం మళ్లీ మళ్లీ వస్తోంది కనుక 6!ను 1!, 2!, 3!ల లబ్ధంతో భాగించాలి. 720ని 12తో భాగిస్తే 60. ఇలాంటివి పది లెక్కలు. కొందరు విద్యార్థులు పదీ ఒకే విడతలో చేశారు. మిగిలినవాళ్లు ఐదు ఒక రోజు, ఇంకో ఐదు వారం తర్వాత చేశారు. ఎవరూ ఒక్క లెక్క ఎక్కువ చేయలేదు, తక్కువ చేయలేదు.

సాధన ముగిసిన వారానికి పరీక్ష పెడితే ఒకే విడతలో చేసినవాళ్లకు 75 శాతం, విడగొట్టి చేసినవాళ్లకు 70 శాతం వచ్చింది. లెక్కలోకి తీసుకోదగ్గ తేడా కాదు. ఇక్కడితో ఆపేసి ఉంటే, ఎలా చదివినా ఒకటేనని తేల్చేసేవాళ్లం. కానీ రెండు పక్షాల్లోనూ మరికొందరికి నాలుగు వారాలు ఆగి పెట్టారు. విడగొట్టి చేసినవాళ్లకు 64 శాతం, ఒకే విడతలో చేసినవాళ్లకు 32 శాతం. సరిగ్గా సగం.

ఇక్కడ ఒక సంగతి. ఆ ఒకే విడతవాళ్లు కాగితం మీద పెన్నుపెట్టి లెక్కలు చేశారు. మనవాళ్లలో చాలామంది ఆ మాత్రం కూడా చేయరు, నోట్స్ చదువుకుంటూ పోతారు, అంతే. అలాంటి చదువు కరగడానికి నెల అక్కర్లేదు. అదే 2006లో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం నుంచి హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పిక్ ప్రచురించిన ప్రయోగంలో అది తేటతెల్లంగా బయటపడింది. సూర్యుడి గురించో, సముద్రపు నీటికుక్కల గురించో ఉన్న ఒక చిన్న వ్యాసాన్ని విద్యార్థులకు ఇచ్చారు. ఒక జట్టు ఐదేసి నిమిషాల చొప్పున నాలుగు విడతలు దాన్నే చదివింది. సగటున ఒక్కొక్కరు పద్నాలుగు సార్లు చదివారు. ఇంకో జట్టు మొదటి ఐదు నిమిషాలే చదివింది, అంటే మూడు నాలుగు సార్లు. తర్వాత మూడు విడతలూ వ్యాసం పక్కన పెట్టేసి, గుర్తున్నదంతా తెల్లకాగితం మీద రాసింది. రాసిందాంట్లో తప్పొప్పులు కూడా ఎవరూ చెప్పలేదు.

ఐదు నిమిషాల తర్వాత అడిగితే చదివిన జట్టుదే పైచేయి: 83 శాతం, రాసిన జట్టుకు 71. వారం తర్వాత అడిగితే చదివిన జట్టుకు 40 శాతం, రాసిన జట్టుకు 61. అన్నిటికన్నా నాకు ఆసక్తిగా అనిపించేది ఇంకొకటుంది. వారం తర్వాత ఎంత గుర్తుంటుందనుకుంటున్నారని ముందే అడిగినప్పుడు, అందరికన్నా ధీమాగా జవాబిచ్చింది పద్నాలుగు సార్లు చదివినవాళ్లే.

ఆ ధీమా ఎక్కడినుంచి వస్తుందో తెలియాలంటే అర్ధరాత్రి రెండు గంటలకు లాప్లాస్ ట్రాన్స్‌ఫార్మ్స్ పట్టిక ముందేసుకుని కూర్చున్న కుర్రాణ్ని చూడాలి. sin at అయితే a/(s²+a²), cos at అయితే s/(s²+a²). చూస్తాడు, చేత్తో మూస్తాడు, పైకి అనుకుంటాడు, చెయ్యి తీస్తాడు. కరెక్టే! కాకపోతే ఎలా, చూసి పది సెకన్లు కూడా కాలేదు. జ్ఞాపకంలో ఎక్కడో ఉన్నదాన్ని వెతికి తీయాల్సిన పని పడలేదు, అదింకా నాలుక చివరే ఉంది. పదోసారి చదివేసరికి పేజీ గడగడా నడుస్తుంది. ఆ గడగడనే వచ్చేసిందనుకుంటాడు. నిజానికి జ్ఞాపకం గట్టిపడేది కాస్త మరుపు కమ్మాక, తడుముకుని, కష్టపడి బయటకు లాగినప్పుడు. ఒక్క రాత్రిలో మరిచిపోవడానికి వ్యవధి ఉండదు కాబట్టి లాగడానికీ ఏమీ ఉండదు.

నాలుగు రోజుల తర్వాత అదే కుర్రాణ్ని అడిగితే మొత్తం తుడిచిపెట్టుకుపోయి ఉండదు. కింద s²+a² ఉంటుందని చెప్తాడు. పైన ఉండేది a నా, s నా అన్న దగ్గర ఆగిపోతాడు. బట్టీ చదువు పోయే తీరు ఇదే: ఆకారం మిగిలి, తేడా పోతుంది. ఒకే పోలికతో ఉన్నవాటిని ఒకే రాత్రి పక్కపక్కన పేర్చుకున్నాడు కనుక అవి ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. తర్వాత కంట్రోల్ సిస్టమ్స్ క్లాసులో మాస్టారు ఇది మీకు మ్యాథ్స్‌లో అయిపోయిందిగా అంటే, పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకునేది అందుకే.

ఇది మనిషి బద్ధకానికి సంబంధించిన విషయమే అయితే ఈగల్లో కనబడకూడదు. కనబడింది. న్యూయార్క్ రాష్ట్రంలోని కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ ప్రయోగశాలలో టిమ్ టల్లీ బృందం 1994లో పండ్ల మీద ముసిరే చిన్న ఈగలకు ఒక పాఠం నేర్పింది. ఫలానా వాసన వస్తే కరెంటు షాకు తగులుతుంది, ఇంకో వాసనకు తగలదు. పాఠం పదిసార్లు. కొన్ని ఈగలకు వెంటవెంటనే చెప్పారు, కొన్నిటికి పాఠానికీ పాఠానికీ మధ్య పదిహేను నిమిషాల విరామం ఇచ్చారు. రెండూ నేర్చుకున్నాయి. వెంటవెంటనే నేర్చిన ఈగలు మూడు నాలుగు రోజుల్లో మరిచిపోయాయి. విరామంతో నేర్చినవాటికి వారం తర్వాత కూడా గుర్తుంది.

తర్వాత ఈగలకు కణాల్లో కొత్త ప్రొటీన్లు తయారుకాకుండా అడ్డుకునే మందు పెట్టారు. వెంటవెంటనే నేర్చిన ఈగల జ్ఞాపకంలో మార్పేమీ లేదు. విరామంతో నేర్చినవాటికి వచ్చే ఆ దీర్ఘకాల జ్ఞాపకం మాత్రం ఏర్పడలేదు. అంటే ఎక్కువ కాలం నిలిచే జ్ఞాపకానికి నాడీకణంలో కొత్త సామగ్రి తయారు కావాలి, ఆ తయారీ మొదలవడానికి మధ్యలో ఖాళీ కావాలి. వరసగా వాయించేస్తే అది మొదలవదు. ఈగ లెక్క మనిషికి యథాతథంగా వర్తించదు, పదిహేను నిమిషాలనే అంకె మనది కాదు. మనకు ఆ ఖాళీల్లో ముఖ్యమైనది నిద్ర. పగలు నేర్చింది మెదడులో స్థిరపడే పనిలో చాలా భాగం నిద్రలో జరుగుతుంది. నైట్‌అవుట్ చేసినవాడు సరిగ్గా దాన్నే వదులుకుంటాడు.

అలాగైతే వీధిబడిలో ఎక్కాలు, సుమతీ శతకం పద్యాలు కంఠస్థం చేసిన తాతగార్లు ఎనభై ఏళ్లకూ తడబడకుండా ఎలా చెప్పేవారని అడగొచ్చు. వాళ్లు పదమూడో ఎక్కాన్ని ఒక్క రాత్రిలో పట్టలేదు. రోజూ వల్లె వేశారు, రోజూ పుస్తకం లేకుండా పంతులుగారికి అప్పజెప్పారు, నిన్నటిది అప్పజెప్పాకే ఇవాళ్టిది. అప్పజెప్పడమంటే తెల్లకాగితం మీద రాయించడం లాంటిదే. ఆ బడుల మీద నాకు పెద్ద మోజు లేదు, బెత్తం సంగతి మరిచిపోలేం. కానీ గుర్తుంచుకునే విషయంలో ఇప్పటి గైడు పుస్తకాల కన్నా వాళ్ల పద్ధతే నయం.

ఒక్క రాత్రి చదువు తప్పు కాని సందర్భాలూ లేకపోలేదు. గుర్తుండాల్సిన అవసరమే మర్నాటితో తీరిపోయేటప్పుడు అది తెలివైన పని కూడా. భూమి తగాదాలో క్రాస్ ఎగ్జామినేషన్‌కు వెళ్లే వకీలు ముందు రాత్రి ఫైలంతా నమిలేస్తారు: ఏ సర్వే నంబరు, ఎన్ని ఎకరాల ఎన్ని గుంటలు, దస్తావేజు ఏ తేదీది, ఏ కాగితానికి ఏ ఎగ్జిబిట్ నంబరు. సాక్షి తడబడ్డ క్షణంలో అవి నోటి చివర ఉండాలి. ఆ విచారణ ముగిశాక మరిచిపోయినా నష్టం లేదు, మళ్లీ వాయిదా పడితే ఫైలు ఉండనే ఉంది. అయితే ఆయన రాత్రికి రాత్రే నింపుకున్నది ఆ కేసు వివరాలే. సాక్ష్య చట్టం ఆయనకు ఏళ్లుగా వచ్చు.

రెండోది, ఏడాదంతా చదివినవాడు ముందు రాత్రి ఒకసారి తిరగేయడం. బయటికి ఇదీ బట్టీలాగే కనిపిస్తుంది, అసలు సంగతి వేరు. జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఎబింగ్‌హౌస్ అర్థంలేని అక్షరాల వరసల్ని తానే కంఠస్థం చేసి, మరిచి, మళ్లీ నేర్చుకుంటూ ఎంత శ్రమ మిగులుతోందో కొలిచి 1885లో అచ్చువేశాడు. ఒక రోజు తర్వాత మళ్లీ నేర్చుకుంటే మొదటి శ్రమలో మూడో వంతు మిగిలింది, నెల తర్వాత కూడా ఐదో వంతు. అర్థంలేని అక్షరాలకే అంత మిగిలితే, అర్థమై చదివినదాన్ని ఒక్క రాత్రిలో పైకి తేవడం పెద్ద పనేం కాదు.

మూడోది గత్యంతరం లేనప్పుడు. రేపు సప్లీ, పోతే ఏడాది పోతుంది, చేతిలో ఉన్నది ఒక్క రాత్రి. అప్పుడు ఐదు యూనిట్లూ చదవాలని చూడకుండా మూడు పట్టుకోవాలి. ఒక యూనిట్ ఒకసారి చదివి, పుస్తకం మూసి, గుర్తున్నది కాగితం మీద రాసి, అప్పుడు తెరిచి సరిచూసుకోవాలి. రెండోది అలాగే చేశాక మొదటిదానికి తిరిగొచ్చి, చూడకుండా మళ్లీ రాయాలి. ఖాళీలు తేలతాయి, చిరాకూ వేస్తుంది. చదవాల్సింది ఆ ఖాళీలనే. మూడోది అయ్యాక ఇంకోసారి అన్నిటినీ చుట్టి, కనీసం నాలుగైదు గంటలు పడుకోవాలి. ఇలా చేస్తే పొద్దున చేతికొచ్చే సరుకు ఊరికే చదివినదాని కన్నా కొంచెం ఎక్కువ రోజులుంటుంది, అంతకన్నా ఆశించకూడదు.

ఆ సబ్జెక్టు మళ్లీ ఎప్పుడూ తగలదనుకుంటే కథ అక్కడితో సరి. లాప్లాస్ అలాంటిది కాదు, తగులుతుంది. కాబట్టి సప్లీ రాసిన రెండో రోజునే, పుస్తకం తెరవకుండా ఆ పట్టిక తెల్లకాగితం మీద రాసి చూడాలి. సగం ఖాళీగా వస్తుంది, పైన ఉండేది a నా, s నా అన్న దగ్గర చెయ్యి ఆగుతుంది. సరిచేసుకుని వారానికి మళ్లీ, మూడు వారాలకు ఇంకోసారి. ఆ రాత్రి పడ్డ శ్రమలో కొంత లోపల మిగిలే ఉంటుంది కనుక ఒక్కో విడతకు పట్టేది చాలా తక్కువ సమయం, మొదటి విడతకు పావుగంటైతే మూడోదానికి ఐదు నిమిషాలు పట్టొచ్చు.