మినుకుమనే లైట్ల వెనక ఒక ముడి

చీకటి పడగానే ఆ కిరాణా కొట్టులో లైట్లు మినుకుమినుకుమనడం మొదలయ్యేది. ఆరున్నర వరకు నిలకడగా వెలిగిన ఎల్ఈడీ బల్బులు ఏడు దాటేసరికి రెపరెపలాడేవి. తొమ్మిదిన్నరకు మళ్లీ మామూలే. కొట్టు నడిపే ఆవిడ మొదట బల్బులు మార్చింది. తర్వాత స్విచ్చులు మార్పించింది. పక్క ఊరి నుంచి వచ్చిన కుర్ర ఎలక్ట్రీషియన్ ఒక ఉదయం పదకొండు గంటలకు టెస్టర్ పెట్టి చూశాడు. ఫేజులో వెలిగింది, న్యూట్రల్‌లో వెలగలేదు. "అంతా బాగానే ఉందండీ, లైన్లోనే వోల్టేజీ తక్కువ" అని చెప్పి వెళ్లిపోయాడు. లోపం సాయంత్రం కనిపిస్తుంటే పరీక్ష ఉదయం జరిగింది. అది దొరకకపోవడానికి సగం కారణం అదే.

చివరికి ఆవిడ ఊళ్లో వైరింగ్ పనులు మానేసి ఇంటిపట్టున ఉంటున్న పాత మేస్త్రీని పిలిచింది. ఆయన సాయంత్రం ఆరింటికే వచ్చి, పనిసంచి పక్కన పెట్టి, కొట్టు ముందు బల్ల మీద కూర్చున్నాడు.

"బాబాయ్, బోర్డు విప్పి చూడవా?"

"ఇప్పుడు విప్పితే ఏం కనపడుతుందమ్మా? అది ఆడేదాకా ఆగుదాం."

ఆ మొదటి సాయంత్రం ఆయన ఏమీ ముట్టుకోలేదు. సంచిలోంచి హోల్డరుకు బిగించిన పాత 60 వాట్ల ఫిలమెంటు బల్బు తీసి, ప్లగ్గులో పెట్టి వెలిగించాడు. ఎల్ఈడీ బల్బు లోపల ఒక చిన్న సర్క్యూట్ ఉంటుంది. మంచి రకమైతే వోల్టేజీ కొంత పడినా అది సర్దుకుని ఒకేలా వెలుగుతుంది. చౌక రకమైతే చిన్న కదలికకే రెపరెపలాడుతుంది. కాబట్టి ఎల్ఈడీని బట్టి వోల్టేజీని అంచనా వేయడం కష్టం. ఫిలమెంటు బల్బు అలా కాదు. వోల్టేజీ ఎంత పడితే కాంతి అంత తగ్గుతుంది. ఆ సాయంత్రం ఫిలమెంటు బల్బు కూడా ఎల్ఈడీలతో పాటే ఊగింది. అంటే తప్పు బల్బులది కాదు, వోల్టేజీయే నిజంగా ఎగిరి పడుతోంది.

ఆ తర్వాత కొట్టు ఆవిడ కొడుకును పిలిచి, ఎదురింటి వాళ్లనీ పక్కింటి వాళ్లనీ అడిగి రమ్మన్నాడు. వాళ్ల లైట్లు నిలకడగానే ఉన్నాయి. ఈ ఒక్క ప్రశ్నతో వెతకాల్సిన చోటు చాలా కుదించుకుపోయింది. వీధి మొత్తం మసకబారితే కారణం ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరో, లైను మీద పడిన లోడులోనో ఉంటుంది. కొన్ని ఇళ్లలో లైట్లు మసకబారి, అదే సమయంలో మరికొన్ని ఇళ్లలో మామూలు కంటే ఎక్కువగా వెలిగితే అది అన్నిటికన్నా ప్రమాదం. స్తంభాల మీద వెళ్లే లైన్లో న్యూట్రల్ వదులైందని దానర్థం. అప్పుడు ఫ్రిజ్, టీవీ వెంటనే ఆపి, 1912కు ఫోన్ చేయాలి. ఇక్కడ ఆ రెండూ కావు. లోపం ఈ కొట్టుకు వచ్చే తీగలోనో, కొట్టు లోపలో ఉంది.

"ఏడింటికి కొట్లో ఏం మొదలవుతుందమ్మా?" అని అడిగాడు.

"సాయంత్రం టీ పెడుతున్నా బాబాయ్. గ్యాసు ఖర్చు ఎక్కువైందని రెండు నెలలుగా ఇండక్షన్ పొయ్యి వాడుతున్నా."

"అయితే పొయ్యే దొంగ తాతయ్యా" అన్నాడు పిల్లవాడు.

అందరికీ అలాగే అనిపించింది. లైట్లు ఊగడం మొదలై కూడా దాదాపు రెండు నెలలే. మేస్త్రీ మాత్రం ఒప్పుకోలేదు. రెండో సాయంత్రం ఆయన పొయ్యి ఆపించి, దాని బదులు ఇస్త్రీ పెట్టె పెట్టించాడు. పొయ్యి 1500 వాట్లది, సుమారు ఆరున్నర ఆంపియర్ల కరెంటు లాగుతుంది. ఇస్త్రీ పెట్టె 1000 వాట్లది, నాలుగు ఆంపియర్లకు కొంచెం ఎక్కువ లాగుతుంది. పెట్టె వేడెక్కిన కొద్ది నిమిషాలకు లైట్లు మళ్లీ ఊగాయి, కాకపోతే కాస్త తక్కువగా. పొయ్యిలో దోషం ఉంటే ఇస్త్రీ పెట్టెతో లైట్లు ఊగకూడదు. ఏ వస్తువు పెట్టామన్నది కాదు, ఎంత కరెంటు పారుతోందన్నదే ఇక్కడ లెక్క. ఎక్కువ కరెంటు పారినప్పుడు మధ్యలో ఎక్కడో వోల్టేజీ పోతోంది.

ఎక్కడ పోతోందో మూడో సాయంత్రం తేలింది. మొదట బోర్డులో మల్టీమీటర్ పెట్టి చూస్తే పొయ్యి వెలిగించకముందు 228 వోల్టులు ఉంది. మన ఇళ్లకు రావాల్సింది 230. అటూ ఇటూ ఆరు శాతం తేడా ఉండొచ్చన్నది పాత విద్యుత్ నిబంధనల నాటి లెక్క. అంటే 216 నుంచి 244 వరకు. పొయ్యి వెలిగించాక మీటర్లో అంకె ఒకచోట నిలవలేదు. 211కు, 218కి మధ్య ఊగుతూనే ఉంది.

కొంత వోల్టేజీ పడటం సహజమే. స్తంభం నుంచి ఆ కొట్టుకు ముప్పై మీటర్ల దూరం. సర్వీసు తీగ రెండున్నర చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియంది. ఆరున్నర ఆంపియర్లు ఆ తీగలో వెళ్లి తిరిగి వచ్చేసరికి దారిలో దాదాపు 5 వోల్టులు ఖర్చవుతాయి. ఆ లెక్కన 223 ఉండాలి. ఉన్నది 211 నుంచి 218. మిగిలిన 5 నుంచి 12 వోల్టులు ఎటు పోయాయి? పైగా తీగలో పడే వోల్టేజీ నిలకడగా ఉంటుంది, ఇలా ఊగదు. ఊగుతోందంటే ఎక్కడో ఒక జాయింటు వదులై ఉండాలి.

దాన్ని పట్టుకోవడానికి ఆయన చేసిన పరీక్ష చాలామందికి తెలియదు. మామూలుగా మల్టీమీటర్ ఒక మొనను ఫేజుకు, రెండోదాన్ని న్యూట్రల్‌కు ఆనిస్తాం. ఆయన రెండు మొనలనూ ఒకే తీగకు, రెండు చివర్లలో ఆనించాడు. ఒకే తీగ, మధ్యలో జాయింటు బాగుంటే, కరెంటు పారుతున్నప్పుడు కూడా మీటర్ దాదాపు సున్నా చూపాలి. కరెంటు మీటరు నుంచి కొట్టు మెయిన్ స్విచ్ దాకా ఫేజు తీగ మీద చూస్తే సున్నా పక్కనే ఉంది. న్యూట్రల్ తీగ మీద చూశాడు. 5, 9, 7, 12... అంకెలు ఎగిరాయి. తప్పిపోయిన వోల్టులన్నీ అక్కడే ఉన్నాయి.

చెక్క బోర్డు వెనక ఆ న్యూట్రల్ తీగలో ఒక ముడి ఉంది. కొన్నేళ్ల కిందట కొట్టుకు కొత్తగా రాగి వైరింగ్ చేసినప్పుడు, మీటరు నుంచి వచ్చే పాత అల్యూమినియం తీగను కొత్త రాగి తీగతో చేత్తో మెలిపెట్టి, పైన టేపు చుట్టేశారు. ఆ టేపు గోధుమరంగు తిరిగి, పెళుసెక్కి, చెక్క దగ్గర నల్లటి మరక వేసింది.

రాగి, అల్యూమినియం అలా కలిసి ఉండలేవు. అల్యూమినియానికి గాలి తగలగానే పైన పలచని ఆక్సైడు పొర ఏర్పడుతుంది. ఆ పొర గుండా కరెంటు పోదు. పైగా వేడికి అల్యూమినియం రాగికన్నా ఎక్కువ వ్యాకోచిస్తుంది. మెత్తటి లోహం కాబట్టి ఒత్తిడికి అణిగిపోతుంది, చల్లారాక మళ్లీ మునుపటి బిగువు రాదు. వానాకాలపు చెమ్మ చేరితే రెండు లోహాల మధ్య తుప్పు ఇంకా త్వరగా పడుతుంది. అలా ఏళ్లు గడిచేసరికి మెలికలో తీగలు నిజంగా ఆనుకునే చోట్లు కొన్ని చుక్కలు మాత్రమే మిగులుతాయి. పగలు ఫ్రిజ్, ఫ్యాను మాత్రమే నడుస్తున్నప్పుడు పారే ఆంపియరున్నర కరెంటుకు ఆ చుక్కలు చాలు. అక్కడ ఒకటి రెండు వోల్టులు పోయినా ఎవరి కంటా పడదు. పొయ్యి వెలిగి కరెంటు ఒక్కసారిగా పెరిగితే ముడి వేడెక్కుతుంది, లోహం కదులుతుంది, ఆనుకున్న చోట్లు విడిపోతూ కలుస్తూ ఉంటాయి. లైట్ల రెపరెప అదే. పొయ్యి ఆపాక ముడి చల్లారి మళ్లీ సర్దుకుంటుంది. అందుకే ఉదయం వచ్చినవాడికి ఏమీ దొరకలేదు. న్యూట్రల్ మీద చేరిన పది వోల్టులకు టెస్టర్‌లోని నియాన్ దీపం వెలగదు కాబట్టి అది కూడా ఏమీ చెప్పలేదు.

"మరి ఫ్యూజు ఎందుకు పోలేదు బాబాయ్?" అని అడిగింది ఆవిడ.

"ఫ్యూజు చూసేది ఎంత కరెంటు పోతోందనేనమ్మా. నీ పొయ్యి లాగేది న్యాయమైన కరెంటే. ముడి దగ్గర ఎంత వేడి పుడుతోందో ఫ్యూజుకు తెలియదు."

లెక్క చూస్తే ఆయన మాట ఎంత నిజమో తెలుస్తుంది. ముడి దగ్గర సగటున 8 వోల్టులు పోతున్నాయి, దాని గుండా లైట్లతో కలిపి 7 ఆంపియర్లకు పైగా పారుతోంది. రెండూ గుణిస్తే 56 వాట్లు. ఇందాకటి ఫిలమెంటు బల్బు వెలిగేంత వేడి టేపు చుట్టిన ఆ ముడిలో, ఎండిన చెక్కను ఆనుకుని, రోజూ రెండు గంటలకు పైగా పుడుతోంది. ఎంసీబీ ఉన్నా ఇదే కథ, అదీ చూసేది కరెంటునే. పొయ్యి మానేస్తే లైట్లు ఊగడం ఆగేది కానీ ముడి అలాగే ఉండేది. రేపు ఇంకో పెద్ద వస్తువు పెట్టిన రోజు మళ్లీ కాలేది.

ఆ రాత్రికి పొయ్యి వాడొద్దని చెప్పి ఆయన వెళ్లిపోయాడు. ముడి మెయిన్ స్విచ్‌కు ముందుంది కాబట్టి స్విచ్ ఆపినా దాని దాకా కరెంటు వస్తూనే ఉంటుంది. మర్నాడు లైన్‌మన్ వచ్చి స్తంభం దగ్గర సర్వీసు విప్పాకే బోర్డు మీద చెయ్యి వేశాడు. మీటరుకున్న సీలు జోలికి పోలేదు. మీటరు డిపార్ట్‌మెంటుది, దాని తర్వాతి వైరింగ్ మనది. కాలిన భాగాన్ని కత్తిరించి, మెరిసే లోహం కనిపించేదాకా అల్యూమినియం కొసను శుభ్రం చేసి, వెంటనే గాలి తగలకుండా జాయింటు పేస్టు పూశాడు. రాగికీ అల్యూమినియానికీ పనికొచ్చే బైమెటల్ కనెక్టర్‌లో రెండు తీగలనూ స్క్రూలతో బిగించాడు. చేత్తో మెలిపెట్టడం, టేపు చుట్టడం రెండూ లేవు.

ఆ సాయంత్రం పొయ్యి మీద టీ మరుగుతుంటే బోర్డులో అంకె 223 దగ్గర కదలకుండా నిలిచింది. తన లెక్కలో రావాల్సిందీ అదే. నెల తర్వాత ఇంకోసారి సర్వీసు విప్పించి స్క్రూలు బిగించుకోవాలని చెప్పాడు. అల్యూమినియం అణిగి కాస్త వదులవడం మొదటి వారాల్లోనే ఎక్కువ.

లైట్లు ఊగే ఇంట్లో ఎవరైనా చూసి పెట్టుకోగలిగినవి, ఏ బోర్డూ విప్పకుండానే తెలుసుకోగలిగినవి మూడున్నాయి. ఏ వేళకు ఊగుతున్నాయి, అప్పుడు ఇంట్లో ఏ పెద్ద వస్తువు నడుస్తోంది, పక్కిళ్లలో కూడా ఊగుతున్నాయా. ఈ మూడూ కాగితం మీద రాసి ఎలక్ట్రీషియన్‌కు ఇస్తే ఆయన వెతకాల్సిన చోటు సగానికి సగం తగ్గుతుంది. ఆయన్ని పిలవాల్సింది మాత్రం లైట్లు ఊగే వేళకే. ఈలోగా బోర్డు దగ్గర కాలిన వాసన వచ్చినా, గోడో చెక్కో వెచ్చగా తగిలినా మూడు సాయంత్రాలు ఆగే పని లేదు. మెయిన్ ఆపి, అదే గంటలో మనిషిని పిలిపించాలి.