మీకు తెలుసా? కుంకుమ మరకకు సబ్బు పెడితే ఇంకా ఎర్రబడుతుంది

పసుపుకు సున్నం తగిలితే ఎర్రబడి కుంకుమవుతుంది. సబ్బులోనూ క్షారమే కాబట్టి, తెల్ల నూలు చీర మీద మరకకు సబ్బు రుద్దితే ఎరుపు పెరుగుతుంది. ముందు పొడి దులిపేసి, ఒక చుక్క నిమ్మరసం వేసి చూడండి. పసుపు రంగుకు తిరిగితే అది పసుపుతో చేసిన కుంకుమే. ఉతికి ఎండలో ఆరేస్తే ఆ పసుపు వెలిసిపోతుంది. ఎరుపు అలాగే ఉంటే కృత్రిమ రంగు, అంత తేలిగ్గా వదలదు.

పాలరాతి మీద మాత్రం నిమ్మరసం అస్సలు వద్దు. నిమిషాల్లో నునుపు తినేసి తెల్లటి మచ్చ పెడుతుంది. లేతరంగు పాలరాతి మీది గోరింటాకు మరకకు వంటసోడాను 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో ముద్దగా కలిపి పట్టించి, ప్లాస్టిక్ కవరు కప్పి, మర్నాడు తుడవండి. విట్రిఫైడ్ టైల్స్‌లోకి రంగు పెద్దగా ఇంకదు. మొండికేసేది వాటి మధ్య సందుల్లోనే.