కూయించి కూత మాన్పించడం

కచేరీకి రెండు మూడు గంటల ముందు ఆడిటోరియంలోకి వెళ్తే వింత చప్పుళ్లు వినిపిస్తాయి. ఖాళీ స్టేజీ మీద మైకు ఒక్కటే స్టాండుకు ఉంటుంది. ఎక్కడి నుంచో సన్నగా ఒక ఊళ మొదలై, పెద్దది కాబోయి, టక్కున ఆగిపోతుంది. కాసేపటికి ఇంకో శ్రుతిలో ఇంకొకటి లేస్తుంది. ఏదో పాడైందనుకుంటాం గానీ, పాడైందేమీ లేదు. సౌండ్ ఇంజనీరు కావాలనే మైకును కూయిస్తున్నాడు. ఈ పనిని వాళ్లు మానిటర్లను ‘రింగ్ అవుట్’ చేయడం అంటారు.

మానిటర్ అంటే గాయకుడి కాళ్ల ముందు ఏటవాలుగా, ముఖం పైకెత్తి కూర్చునే స్పీకరు పెట్టె. అది ప్రేక్షకుల కోసం కాదు, పాడేవాడికి తన గొంతు తనకు వినపడటం కోసం. అది లేని రోజుల్లో గాయకుల పాట్లు ఎలా ఉండేవో చెప్పడానికి 1965 ఆగస్టులో న్యూయార్క్ షే స్టేడియంలో బీటిల్స్ కచేరీ చాలు. అభిమానుల కేకల్లో వాళ్లు పాడేది వాళ్లకే వినపడలేదు. ఆ తర్వాత కొన్నేళ్లలోనే స్టేజీ మానిటర్ రాక్ కచేరీల్లో మామూలైపోయింది. దానితో పాటే ఓ చిక్కూ వచ్చింది. మైకుకు దగ్గర్లోనే, ఆ మైకులో పడిన గొంతునే గట్టిగా వినిపించే స్పీకరును తెచ్చి పెట్టినట్టయింది.

మైకులో పడిన శబ్దం మిక్సర్, ఆంప్లిఫయర్ దాటి మానిటర్ లోంచి బయటికొస్తుంది. అందులో కొంత మళ్లీ మైకులోకే చేరుతుంది. తిరిగొచ్చిన భాగం మొదటిదానికంటే చిన్నదైతే చుట్టు చుట్టుకూ తగ్గి చచ్చిపోతుంది. పెద్దదైతే చుట్టు చుట్టుకూ పెరిగి కూత అవుతుంది. అయితే అన్ని శ్రుతులూ ఒకేసారి కూయవు. ఒక చుట్టు తిరిగి వచ్చిన తరంగం, అప్పుడే బయల్దేరుతున్న తరంగంతో సరిగ్గా కలిసి అడుగు వేయాలి. మానిటర్ నుంచి మైకు దాకా దూరం సుమారు 1.75 మీటర్లు అనుకుందాం. ధ్వని ఆ దూరం రావడానికి 5 మిల్లీసెకన్లు పడుతుంది. అంటే దాదాపు ప్రతి 200 హెర్ట్జ్‌కు ఒకటి చొప్పున కూయడానికి సిద్ధంగా ఉన్న శ్రుతులు వరసగా ఉంటాయి. గోడల నుంచి, నేల నుంచి తిరిగొచ్చే ధ్వని కూడా కలిస్తే ఈ వరస ఇంకా చిక్కపడుతుంది. వాటిలో మైకు, స్పీకరు, హాలు మూడూ కలిసి ఎక్కువ బలమిచ్చిన శ్రుతి ముందుగా లేస్తుంది. మిగతావి దాని వెనకే కాచుకుని ఉంటాయి.

రింగ్ అవుట్ అంతా ఈ ఒక్క విషయం మీదే నడుస్తుంది. ముందు లేచేదాన్ని కనిపెట్టి, దాన్ని మాత్రమే అణిచేస్తే, మొత్తం వాల్యూమ్‌ను ఇంకాస్త పెంచుకోవచ్చు.

దీన్ని పద్ధతి ప్రకారం చేసి చూపినవాడు ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చెప్పిన సి.పి. బోనర్. 1960లలో ఆయన చర్చిలు, ఆడిటోరియాల సౌండ్ సిస్టంలను చక్కదిద్దేవాడు. కూత ఎప్పుడూ ఒకానొక కచ్చితమైన శ్రుతి దగ్గరే వస్తుంది కాబట్టి, ఆ శ్రుతిని మాత్రమే తొలగించే చాలా ఇరుకైన ఫిల్టరు పెడితే సరిపోతుందన్నది ఆయన లెక్క. కాయిల్స్, కెపాసిటర్లతో అలాంటి ఫిల్టర్లను ఆ హాలుకు తగ్గట్టు శ్రుతి చేసేవాడు. ఒకటి పెట్టి, వాల్యూమ్ పెంచి, తర్వాతి కూత వచ్చేదాకా చూసి, దానికి ఇంకొకటి. ఒక హాలుకు చేసినది ఇంకో హాలుకు పనికిరాదు.

1967లో ఆల్టెక్ లాన్సింగ్ కంపెనీ ‘అకౌస్టా వాయిసింగ్’ పేరుతో ఈ పనికి తయారు సామాను తెచ్చింది. దాని వెనక ముఖ్యుడు డాన్ డేవిస్. హాలు హాలుకూ కొత్త ఫిల్టరు చుట్టే పని లేకుండా, వినపడే శ్రుతులన్నిటినీ ఆక్టేవులో మూడో వంతు చొప్పున విభజించి, ఒక్కో ముక్కకు ఒక్కో నాబ్ ఇచ్చారు. తర్వాతి పదేళ్లలో నాబ్‌ల స్థానంలో పైకీ కిందికీ జరిగే స్లైడర్లు పక్కపక్కనే వచ్చాయి. స్లైడర్లు ఉన్న చోటే ఒక గీత గీసినట్టు కనపడుతుంది కాబట్టి గ్రాఫిక్ ఈక్వలైజర్ అనే పేరు దానికి బాగా సరిపోయింది. ఇంగ్లండ్‌లో క్లార్క్ టెక్నిక్ చేసిన డీఎన్ 360లో రెండు చానళ్లు, ఒక్కోదానికి 30 బ్యాండ్లు ఉండేవి. మానిటర్ మిక్సర్ల పక్కన ర్యాకుల్లో ఇది ఏళ్ల తరబడి నిలిచింది. ఇప్పటి డిజిటల్ మిక్సర్ తెరమీద కనిపించే 31 స్లైడర్లు దాని వారసులే.

బోనర్ ఫిల్టరుతో పోలిస్తే గ్రాఫిక్ ఈక్వలైజర్ మొద్దు కత్తి. 2.5 కిలోహెర్ట్జ్ స్లైడరును దించితే సుమారు 2,240 నుంచి 2,800 హెర్ట్జ్ దాకా అంతా తగ్గుతుంది, ఆ పక్కన ఉన్నదీ కొంత తగ్గుతుంది. కూసింది మాత్రం అందులో ఒక సన్నని గీత. అయినా స్టేజీ మీద ఈ మొద్దుతనమే పనికొచ్చిందని నా అభిప్రాయం. చర్చిలో ప్రసంగ వేదిక మైకు కదలదు కాబట్టి అక్కడ ఇరుకు ఫిల్టరు చెల్లింది. గాయకుడి చేతిలో మైకు ఊరుకోదు. 4 కిలోహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 8.5 సెంటీమీటర్లు. మైకు నాలుగు సెంటీమీటర్లు జరిగితే చాలు, అడుగు కలిసినది విడిపోయి, పక్కనున్న మరో శ్రుతికి వంతు వస్తుంది. సూది మొనంత ఇరుకైన ఫిల్టరు పెట్టిన చోటే ఉంటుంది, కూత పక్కకు జరుగుతుంది. మూడో వంతు ఆక్టేవు కొంచెం వెడల్పుగా ఉండి ఆ జరుగుడును కూడా కప్పేస్తుంది. అందుకు మూల్యం గాయకుడి గొంతులోంచి పోతుంది.

ఇక పని జరిగే తీరు చూద్దాం. ఒక గాయని, మామూలు కార్డియాయిడ్ మైకు, ఒక మానిటర్ ఉన్నాయనుకుందాం. ఈక్వలైజర్ గాయని చానల్లో కాక, మానిటర్‌కు వెళ్లే దారిలో ఉండాలి. చానల్లో పెడితే ప్రేక్షకులు వినే గొంతు కూడా దెబ్బతింటుంది. స్లైడర్లన్నీ సున్నా దగ్గర పెట్టి, 100 హెర్ట్జ్‌కు కింద ఉన్నదాన్ని కత్తిరించే ఫిల్టరు వేస్తారు. గాయని నిలబడే చోట, ఆమె నోటి ఎత్తులో మైకు పెట్టి, మానిటర్ ఫేడరును నెమ్మదిగా పైకి తోస్తారు. నెమ్మదిగా అనడానికి కారణం ఉంది. చుట్టు చుట్టుకూ 1 డెసిబెల్ చొప్పున పెరిగితే, సెకనుకు 200 చుట్లు తిరిగే ఈ దారిలో కూత అర సెకనులోనే సిస్టం మోయగలిగిన హద్దుకు చేరుతుంది. హద్దుకు కొంచెం కింద ఆపితే అసలు కూత రాదు, ‘హలో’ అన్నాక మాట చివర సన్నగా మోగుతూ తోక మిగులుతుంది. చెవికి, మానిటర్లోని పై శ్రుతుల డ్రైవర్‌కు భద్రమైనది ఈ తోక దగ్గర పనిచేయడమే.

ఆ తోక ఏ శ్రుతిదో చెవితోనే తేల్చాలి. ఇక్కడ మన అచ్చులు అక్కరకొస్తాయి. 250 దగ్గర అది ‘ఊ’లా వినపడుతుంది, 500 దగ్గర ‘ఓ’, 1,000 దగ్గర ‘ఆ’, 2,000 దగ్గర ‘ఏ’, 3,000 దాటాక ‘ఈ’. ఇంకా పైకి పోతే ‘స్స్’ అనిపిస్తుంది. మొదట్లో అందరూ ఒక ఆక్టేవు తేడాతో పొరబడతారు, 2.5 కూస్తుంటే 1.25 దించుతారు. స్లైడరు దించగానే తోక పోకపోతే అది తప్పు స్లైడరు, దాన్ని తిరిగి సున్నాకు చేర్చి ఇంకొకటి వెతకాలి. ఈ చేర్చడం మరిచిపోవడం వల్లే చాలా ఈక్వలైజర్లు గంట తర్వాత పళ్లు ఊడిన దువ్వెనలా కనిపిస్తాయి.

మన ఉదాహరణలో ఫేడరు మైనస్ 10 దగ్గర ఉండగా 2.5 కిలోహెర్ట్జ్ మోగింది. దాన్ని 3 డెసిబెల్స్ దించారు. మైనస్ 8 దగ్గర 630 మోగింది, దాన్నీ 3 దించారు. మైనస్ 7 దగ్గర 4 కిలోహెర్ట్జ్. తర్వాత మళ్లీ మొదటి 2.5 తిరిగొచ్చింది, దానికి ఇంకో 3 తగ్గించారు. ఫేడరు మైనస్ 4కు చేరేసరికి మూడు నాలుగు శ్రుతులు ఒక్కసారిగా లేచాయి. ఆపాల్సిన గుర్తు అదే. కొండలన్నీ ఒకే ఎత్తుకు వచ్చాయి కాబట్టి ఇక ఏ స్లైడరును దించినా అది మారువేషంలో వాల్యూమ్ తగ్గించడమే. మొత్తం మీద దక్కింది 6 డెసిబెల్స్.

అది కూడా మొత్తం వాడుకోకూడదు. హద్దుకు కేవలం 1 డెసిబెల్ కింద ఉంటే, సిస్టం కూయకపోయినా మోగే ఆ శ్రుతిని దాదాపు 19 డెసిబెల్స్ ఎత్తి చూపిస్తుంది. గాయనికి తన గొంతు గొట్టంలోంచి వచ్చినట్టుంటుంది. 6 డెసిబెల్స్ కింద ఉంటే ఆ ఉబ్బు 6కు తగ్గుతుంది. అందుకే చివర్లో ఫేడరును 6 దించి, అప్పుడు గాయనిని పిలిచి మైకు చేతికిస్తారు. ఆమె మానిటర్ వైపు వంగి చూడాలి, తల పక్కకు తిప్పి చూడాలి. మైకు గుండు చుట్టూ వేళ్లు మూసి పట్టుకుంటే కార్డియాయిడ్ గుణం పోయి అన్ని వైపుల శబ్దాన్నీ లోపలికి లాగుతుంది, అంతసేపు చేసిన శ్రమ ఒక్క క్షణంలో వృథా అవుతుంది. ర్యాప్ గాయకులకు, మన ఆర్కెస్ట్రా కుర్రాళ్లకు ఈ అలవాటు మరీ ఎక్కువ.

1990లలో ఈ పనిని తమంతట తామే చేసే యంత్రాలు వచ్చాయి. కూత వినపడగానే ఇరుకు ఫిల్టరు వేస్తాయి. ప్రసంగాలకు బాగానే పనిచేస్తాయి గానీ, వేణువు మీద ఒకే స్వరాన్ని చాలాసేపు నిలిపితే దాన్ని కూతగా పొరబడే ప్రమాదం ఉంది.

అంతకంటే చవకైన దారులు ముందు చూడాలి. కార్డియాయిడ్ మైకు తన వెనక వైపు అతి తక్కువ వింటుంది, కాబట్టి మానిటర్ సరిగ్గా మైకు తోక వైపు ఉండాలి. సూపర్ కార్డియాయిడ్ అతి తక్కువ వినేది ముందువైపు నుంచి సుమారు 126 డిగ్రీల పక్కన, దానికి మానిటర్ కొంచెం పక్కకు జరగాలి. తెరిచి ఉన్న మైకుల సంఖ్య రెట్టింపైతే 3 డెసిబెల్స్ పోతాయి కాబట్టి వాడనివి మూసేయాలి. అన్నిటికంటే పెద్ద లాభం నోటి దగ్గరుంది. మైకును 10 సెంటీమీటర్ల నుంచి 5కు తెస్తే దాదాపు 6 డెసిబెల్స్ వస్తాయి, అంటే పై ఈక్వలైజర్ కసరత్తంతా చేసి సంపాదించినంత, అదీ గొంతులో ఏ శ్రుతినీ కోయకుండా. కాబట్టి చేయి ఆరో స్లైడరు మీదికి పోతున్నప్పుడు ఈక్వలైజర్ దగ్గర నుంచి లేచి, స్టేజీ మీదికి వెళ్లి మానిటర్‌ను ఒకసారి జరిపి చూడండి.